23 బోర్లు, 5 సీసాలు: లెక్క సరిగ్గా భాగం పోనప్పుడు ఏ శాంప్లింగ్ మేలు?

మర్రిగూడ దిక్కు ఒక ఊరు అనుకుందాం. మిషన్ భగీరథ నల్లాలు వచ్చినా పాత బోర్లు మూతపడలేదు. పశువులకు, బట్టలకు, నల్లా రాని రోజు తాగడానికి కూడా అవే. లిస్టులో 23 బోర్లున్నాయి, ఫ్లోరైడ్ పరీక్షకు ల్యాబు 5 సీసాలే తీసుకుంటానంది. లిస్టు ఎట్లా రాస్తారో మన దిక్కు వాళ్లకు తెలిసిందే. పంచాయతీ ఆఫీసు కాడ మొదలై, వాడలన్నీ తిరిగి, ఆఖరుకు తండాలో ముగుస్తుంది. మన లిస్టులో 21, 22, 23 తండావి.

25 బోర్లుంటే గొడవే లేదు. 1 నుంచి 5 లోపు ఒక చిట్టీ తీసి, అక్కడి నుంచి ప్రతి ఐదో బోరు పట్టుకుంటే సరి. ప్రతి బోరుకూ ఐదింట ఒక అవకాశం ఉంటుంది, సీసాలూ కచ్చితంగా ఐదే అవుతాయి. కానీ 23ను 5తో భాగిస్తే 4.6 వస్తుంది. ఈ 0.6ను ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ముందుగా, చాలామంది ఆలోచించకుండా చేసే పని చూద్దాం. 4.6ను 4 చేసి, 1 నుంచి 4 లోపు మొదలుపెట్టి, నాలుగేసి దాటుకుంటూ పోయి, ఐదు సీసాలు నిండగానే ఆపేస్తారు. ఎంత ఆలస్యంగా మొదలుపెట్టినా 4, 8, 12, 16, 20 దగ్గర ఆగిపోతుంది. 21, 22, 23 ఏ చిట్టీకీ రావు. తండా బోర్లకు దక్కిన అవకాశం సున్నా. ల్యాబు రిపోర్టు ఎంత చక్కగా ఉన్నా ఈ లోపం అందులో కనబడదు. సర్వే పద్ధతి రాసిన కాగితం అడిగి, అత్యంత పెద్ద ప్రారంభ సంఖ్యతో చివరి బోరు దాకా చేరుతుందా అని ఒకసారి లెక్కేస్తేనే బయటపడుతుంది. దీన్ని నేను పోటీలోకే తీసుకోను.

పోటీలో నిలిచేవి మూడు.

మొదటిది మామూలు వరుస పద్ధతినే నిజాయితీగా చేయడం. అంతరం 5 పెట్టుకుని లిస్టు అయిపోయేదాకా పోతారు. చిట్టీ 1, 2, 3 వస్తే ఐదు బోర్లు, 4, 5 వస్తే నాలుగే దొరుకుతాయి. ప్రతి బోరుకూ ఐదింట ఒక అవకాశం ఉన్న మాట నిజమే. చిక్కు సగటు దగ్గర వస్తుంది. నాలుగు బోర్ల శాంపిల్‌లో పడ్డ బోరుకు సగటులో నాలుగో వంతు బరువు, ఐదు బోర్లదానిలో పడితే ఐదో వంతే. అంటే 4, 5, 9, 10, 14, 15, 19, 20 నంబర్ల బోర్లు తమ వాటాకన్నా ఎక్కువ మాట్లాడుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్నవి అవే అయితే ఊరి సగటు పైకి వంగుతుంది. దీన్ని సరిచేయడానికి సూత్రం ఉంది: శాంపిల్ మొత్తాన్ని 5తో గుణించి 23తో భాగించాలి. అప్పుడు వంపు పోతుంది, కానీ ఇంకో వింత తయారవుతుంది. అన్ని బోర్లలోనూ లీటరుకు 1.2 మిల్లీగ్రాములే ఉన్నాయనుకోండి. ఐదు బోర్లు వస్తే జవాబు 1.30, నాలుగు వస్తే 1.04. నీళ్లు ఒకటే అయినా చిట్టీని బట్టి అంకె మారుతోంది! లిస్టులో వేల ఇళ్లుండి శాంపిల్ వందల్లో ఉంటే ఈ తేడాలు కంటికి ఆనవు, అక్కడ ఈ పద్ధతి చాలు. ఐదు సీసాల దగ్గర చాలదు.

రెండోది వలయ పద్ధతి. 1952 నాటి డి.బి. లాహిరి పద్ధతిగా దీన్ని చెబుతారు. లిస్టును గుండ్రంగా ఊహించుకోవాలి, 23 తర్వాత మళ్లీ 1 వస్తుంది. చిట్టీ 1 నుంచి 5 లోపు కాదు, 1 నుంచి 23 లోపు తీయాలి. 17 వచ్చిందనుకుందాం. అంతరం 5 అయితే 17, 22, తర్వాత 27 అంటే 4, ఆపైన 9, 14. ఎక్కడ మొదలైనా ఐదే బోర్లు, ప్రతి బోరుకూ 23లో 5 అవకాశాలు. మామూలు సగటే వంపులేని జవాబు ఇస్తుంది, సవరణలు అక్కర్లేదు.

కానీ అంతరం ఎంచుకునే చోట ఒక గుంత ఉంది. 15 బోర్లు, 6 సీసాలు అనుకోండి. భాగిస్తే 2.5, దాన్ని 3 చేశారు. 2తో మొదలుపెడితే 2, 5, 8, 11, 14, ఆ తర్వాత 17 అంటే మళ్లీ 2. ఆరో సీసా మొదటి బోరు దగ్గరికే వచ్చింది. ముందే కనిపెట్టడానికి బడిలో నేర్చుకున్న గ.సా.భా. చాలు. మొత్తం బోర్ల సంఖ్యకూ అంతరానికీ గ.సా.భా. కట్టి, దానితో మొత్తాన్ని భాగించండి. వచ్చిన అంకె సీసాల సంఖ్యకన్నా తక్కువైతే బోర్లు రిపీట్ అవుతాయి. ఇక్కడ 15కూ 3కూ గ.సా.భా. 3, భాగిస్తే 5, అది ఆరుకన్నా తక్కువ. 23కూ 5కూ గ.సా.భా. 1 కాబట్టి మనకు భయం లేదు. అంతరాన్ని ఎప్పుడూ కిందికే కుదిస్తే రిపీట్ అన్నది అసలు రాదు, కానీ వేరే నష్టం ఉంది. మన ఊళ్లో అంతరం 4 అయితే 17, 21, 2, 6, 10 వస్తాయి. 10 నుంచి 17 దాకా ఏడు బోర్ల దూరం ఖాళీ. ఐదుతో పోతే పెద్ద ఖాళీ ఐదే.

మూడోది 4.6ను 4.6గానే ఉంచడం, అంటే భిన్న అంతర పద్ధతి. భిన్నాలు చూసి జడవనక్కర్లేదు. ఒక్కో బోరుకు 5 టోకెన్లు ఇచ్చామనుకోండి. 1వ బోరుకు 1–5, 2వ దానికి 6–10, అట్లా 23వ దానికి 111–115. ఇప్పుడు 1 నుంచి 23 లోపు ఒక చిట్టీ తీసి, దానికి 23 చొప్పున కలుపుకుంటూ పోవాలి. 11 వస్తే టోకెన్లు 11, 34, 57, 80, 103. అవి పడ్డ బోర్లు 3, 7, 12, 16, 21. ప్రతి టోకెనూ సరిగ్గా ఒక్క చిట్టీకే దొరుకుతుంది, బోరుకు ఐదు టోకెన్లున్నాయి, కాబట్టి ఇక్కడా అవకాశం 23లో 5. సీసాలు ఐదే, బోరు రిపీట్ కాదు, బోర్ల మధ్య దూరం 4 లేదా 5 దాటదు.

వలయానికీ దీనికీ తేడా ఎంత? లిస్టు వెంట పోతున్నకొద్దీ ఫ్లోరైడ్ క్రమంగా పెరిగే ఊరిని ఊహించి, బోరు నంబరునే దాని విలువగా పెట్టి చూశాను. అసలు సగటు 12. అంతరం 5తో వలయ పద్ధతి జవాబులు 9.4 నుంచి 14.6 దాకా ఊగాయి, భిన్న అంతరానివి 9.8 నుంచి 14.2 దాకా. స్వల్పమే, కానీ మొగ్గు ఎటో తెలుస్తోంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే నేను భిన్న అంతరమే తీసుకుంటాను. గ్రామసభలో అందరి ముందు చిట్టీ తీసి అక్కడికక్కడే బోర్లు ప్రకటించాలంటే వలయమే నయం, ఎవరైనా వేళ్ల మీద సరిచూసుకోవచ్చు.

ఈ రెండూ తీర్చలేనిది ఒకటుంది. రెండిట్లోనూ తండాకు ఒక సీసా చేరే అవకాశం 23లో 15. మిగతా 8 చిట్టీల్లో తండా మళ్లీ ఖాళీయే. అవకాశం సమానంగా ఇచ్చాం తప్ప, సీసా ఖాయం చేయలేదు. తండా నీళ్లు తప్పక చూడాలనుకుంటే లిస్టును ముందే రెండుగా విడదీయాలి. ఊళ్లో 20 బోర్ల నుంచి 4, అంటే సరిగ్గా ప్రతి ఐదోది, శేషం గొడవే ఉండదు. తండాలో మూడింటి నుంచి చిట్టీ వేసి ఒకటి. అయితే అప్పుడు ఐదు అంకెల్నీ కలిపి ఐదుతో భాగించకూడదు. ఊరి నాలుగింటి సగటును 20తో, తండా అంకెను 3తో గుణించి, రెండూ కలిపి 23తో భాగించాలి.