ట్రాకింగ్ ఎర్రర్ 0.05 అని చూసి మురిసిపోయాను: నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ కొనేవారికి హెచ్చరిక

ద్వారకానగర్‌లోని ఆ మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ ఎవరో విశాఖలో మదుపు చేసేవారిలో చాలామందికి తెలుసు కనుక పేరు చెప్పను. పోయిన ఏడాది ఆయన నా ముందు మూడు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్లు పెట్టగా, ట్రాకింగ్ ఎర్రర్ అన్నింటికన్నా తక్కువగా, 0.05 శాతంగా ఉన్నదాంట్లో 6 లక్షలు పెట్టాను. నిన్న లెక్క చూసుకుంటే ఏడాదికి ఫండ్ 11.3 శాతం పెరిగింది. ఆయన వాట్సాప్‌లో పంపిన పట్టికలో నిఫ్టీ పెరిగింది 11 శాతమే. సూచీనే దాటేశానని ఒక పూటంతా సంబరపడిన మహామేధావిని నేను.

ఆ పట్టికలోని సూచీ డివిడెండ్లు కలపని ధరల సూచీ. ఫండ్‌కేమో కంపెనీల డివిడెండ్లు అందుతూనే ఉంటాయి కనుక, దాన్ని పోల్చవలసింది టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తో. మ్యూచువల్ ఫండ్లు ఈ సూచీతోనే పోల్చి చూపాలని 2018 ఫిబ్రవరి నుంచి సెబీ నిబంధన ఉంది. ఫండ్ కంపెనీ ఫ్యాక్ట్‌షీట్‌లో ఆ టోటల్ రిటర్న్ ఇండెక్స్ పెరుగుదల 12.3 శాతమని స్పష్టంగానే ఉంది, నేనే తెరిచి చూడలేదు. అంటే నా ఫండ్ ఒక శాతం వెనకబడింది, 6 లక్షల మీద 6,000 రూపాయలు.

మరి ట్రాకింగ్ ఎర్రర్ అంత తక్కువగా ఎలా ఉంది? అది వెనకబాటును కొలవదు. ఫండ్‌కూ సూచీకీ మధ్య రోజువారీ తేడా ఎంత నిలకడగా ఉందో మాత్రమే కొలుస్తుంది. నాకు అంటగట్టిన రెగ్యులర్ ప్లాన్‌లో కమిషన్‌తో కూడిన ఖర్చు ప్రతిరోజూ ఒకే మోతాదులో యూనిట్ విలువ, అంటే ఎన్‌ఏవీ, నుంచి పోతుంది. క్రమం తప్పకుండా జేబు కొడితే ఎర్రర్ సున్నాకు దగ్గరగానే కనబడుతుంది! ఆ రోజు నేను పక్కన పెట్టిన ఫండ్‌కు ఎర్రర్ 0.09, కానీ డిస్ట్రిబ్యూటర్ కమిషన్ లేని దాని డైరెక్ట్ ప్లాన్ వెనకబడింది 0.2 శాతమే, అంటే 1,200 రూపాయలు.

ఈ కాగితాలన్నీ పట్టుకొని ఈరోజు ఆఫీసుకు వెళితే, ఆయన వాటిని కనీసం చేత్తో ముట్టుకోకుండా, వచ్చిన ఇతర ఖాతాదారుల ఎదుటే, "ఆరు వేల కోసం ఎంవీపీ కాలనీ నుంచి ఆటో కట్టించుకొని వచ్చారా మాస్టారూ? నిఫ్టీ అంటే నిఫ్టీయే, ఏ ఫండైనా ఒకటే" అని నవ్వారు. ఏ ఫండైనా ఒకటే అయితే కమిషన్ ఎక్కువ వచ్చేదే నాకెందుకు చూపించారని అడగాలన్న ఆలోచన, మెట్లు దిగాక గానీ నాకు రాలేదు. ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిని.

కొనేముందు ఫండ్ కంపెనీ వెబ్‌సైట్‌లోనో ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ సైట్‌లోనో ట్రాకింగ్ డిఫరెన్స్, అంటే సూచీ రాబడికీ ఫండ్ రాబడికీ ఉన్న తేడా, చూడండి. మీరు కొనబోయే ప్లాన్‌కు సంబంధించిన అంకెనే, టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తో పోల్చినదాన్నే తీసుకోండి. నాకు ఏడాది దాటింది, ఎగ్జిట్ లోడ్ లేదు, ఈ ఏడాది ఇతర షేర్ల లాభాలేవీ లేవు, ఈ లాభం 1.25 లక్షల లోపే కనుక పన్నూ పడదు. రేపే అమ్మి డైరెక్ట్ ప్లాన్‌కు మారుతున్నాను.