వీడ్కోలు సభలో నవ్వించాలా, కళ్లు చెమర్చేలా చేయాలా?

34 ఏళ్లు క్యాష్ కౌంటర్‌లో కూర్చున్న మా సార్ రిటైర్మెంట్ రోజు నాకూ ఇదే టెన్షన్.

జోకు: పేలితే హాలంతా మనదే, కానీ రిస్కు. ఆయనే నవ్వుతూ చెప్పుకునే విషయమై ఉండాలి, మా సార్ టిఫిన్ డబ్బాలో ఎవరికీ పెట్టని మూడో గిన్నెలాగా. రాని ప్రమోషన్, షుగరు జోలికి వెళ్తే ముందు వరుసలో ఆయన భార్య మొహం మాడిపోతుంది.

సెంటిమెంట్: రిస్కు లేదు, అయితే "మృదుస్వభావి" అని అప్పటికే నలుగురు చెప్పేసుంటారు. ఒక్క సంఘటన చాలు. నా లెక్కలో 500 తగ్గిన రాత్రి ఆయన తొమ్మిదింటిదాకా నాతో కూర్చుని నోట్లన్నీ మళ్లీ లెక్కపెట్టారు.

నేను ముందు గిన్నె, తర్వాత ఆ రాత్రి చెప్పాను. తిరగేస్తే ఏడుపు మీద జోకు అతకదు. స్టాఫ్ మాత్రమే ఉంటే జోకులు పెంచండి, ఇంటివాళ్లు వస్తే ఒక్కటి చాలు.