జాగ్రత్త: ‘పెళ్లి ఎమర్జెన్సీ కిట్’ పేరుతో అమ్ముతున్న డబ్బాల గురించి

ఈ మధ్య మా ఇంట్లో జరిగిన పెళ్లి కోసం ఆన్‌లైన్‌లో ‘పెళ్లి ఎమర్జెన్సీ కిట్’ అనే డబ్బా ఒకటి తెప్పించాము. పిన్నీసులు, సూదీదారం, టేపు, పవర్ బ్యాంకు, ఛార్జింగు కేబులు, మందులు అన్నీ అందులోనే ఉంటాయని, మొత్తం 75 వస్తువులని ప్రకటనలో రాశారు. ఫంక్షన్ హాలులో చివరి నిమిషంలో ఎవరూ దుకాణాల వెంట పరుగులు తీయనక్కర లేకుండా చేయడమే ఇలాంటి డబ్బా ప్రయోజనం. మేము కొన్న డబ్బా ఆ ఒక్క పనీ చేయలేదు సరికదా, అందులోని మందుల పొట్లం వల్ల పెద్ద ప్రమాదమే జరిగి ఉండేది. ముహూర్తాలు దగ్గర పడుతున్నప్పుడు చాలామంది ఇలాంటివి కొంటారు కనుక, ఏది ఎలా విఫలమైందో, కొనేముందు ఎలా పసిగట్టవచ్చో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ 75 సంగతి చూద్దాం. డబ్బా విప్పి లెక్కపెడితే ఒక్కో పిన్నీసును, ఒక్కో రబ్బరు బ్యాండును, ఒక్కో దూది పుల్లను విడివిడి వస్తువుగా లెక్కించారని తెలిసింది. నిజానికి అందులో ఉన్నవి పట్టుమని పది రకాలు కూడా లేవు. కాబట్టి ప్రకటనలో వస్తువుల సంఖ్య మాత్రమే పెద్ద అక్షరాలతో ఉండి, ఏది ఏ పరిమాణంలో ఎన్ని ఇస్తున్నారో విడిగా రాయకపోతే, ఆ డబ్బాను అక్కడే వదిలేయడం మంచిది.

పిన్నీసుల విషయం చీర కట్టేవారికి వెంటనే అర్థమవుతుంది. పెళ్లికూతురి కంచిపట్టు చీర కుచ్చిళ్లను ఒకటిగా పట్టి ఉంచాలంటే జరీతో సహా ఎన్నో మడతలలోంచి పిన్నీసు దూరాలి. ఈ కిట్‌లోవి సన్నని ఇనుప తీగకు నికెల్ పూత పూసినవి. మూడో మడత దాటకముందే విల్లులా వంగిపోయాయి. వంగని ఒకటి రెండింటికి మొన దగ్గర కంటికి కనిపించని గరుకు ఉండి, పట్టు పోగును పట్టి లాగింది. అదీ చాలనట్టు, అదే సంచిలో పెట్టిన తడి టిష్యూల ప్యాకెట్టు ఒకటి కారి కొన్ని పిన్నీసులు అప్పటికే తుప్పు పట్టాయి. పట్టుపై తుప్పు మరక పడితే దానిని వదిలించడం ఎంత కష్టమో చెప్పనక్కర లేదు. అదృష్టవశాత్తు మా పిన్ని ఆ తుప్పు పట్టిన వాటిని చీరకు పెట్టేముందే చూసి పక్కన పడేసింది.

మంచి పిన్నీసును గుర్తించడం కష్టమేమీ కాదు. దానిని మూసి, మొన కూర్చునే టోపీ భాగాన్ని వేలితో పక్కకు గట్టిగా నొక్కాలి. సూది జారి బయటకు వస్తే అది భుజం మీద పమిటను కూడా నిలపదు. పాత జార్జెట్ గుడ్డలోంచి ఒకసారి దూర్చి తీస్తే, మొన గరుకుగా ఉన్నది పోగును లేపి తానే బయటపడుతుంది. ఇత్తడి పిన్నీసులు తుప్పు పట్టవు; అయస్కాంతానికి అంటుకోకపోవడమే వాటికి గుర్తు. కుచ్చిళ్లకు పెద్దవి, పమిటకు మధ్యరకం, జాకెట్టు హుక్కు ఊడిపోతే వాడటానికి చిన్నవి, ఇలా మూడు పరిమాణాలు ఉండాలి. పిన్నీసు చుట్ట ఉన్న కొసలో చీర పోగు ఇరుక్కోకుండా ముందుగా ఒక చిన్న పూసను దానికి ఎక్కించడం చీరలు కట్టేవారికి అలవాటైన పద్ధతే. పూసలను కూడా డబ్బాలోనే ఒక చిన్న సీసాలో వేసి ఉంచితే సరిపోతుంది.

పవర్ బ్యాంకుపై 20000 ఎంఏహెచ్ అని అచ్చు వేసి ఉంది. హాలు బాకీ, పూలవారి బాకీ, వంటవారి బాకీ అన్నీ తీర్చాల్సిన ఫోను పెళ్లికూతురి అన్నగారి దగ్గర ఉండగా, దానికి ఈ పవర్ బ్యాంకు పెడితే సగం కూడా నిండకుండానే అది ఆగిపోయింది. ఆ తరువాత ఇంట్లో వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే 140 గ్రాములు తూగింది. మోసం పట్టుబడేది ఆ బరువులోనే. పవర్ బ్యాంకులలో ఎక్కువగా వాడే గుండ్రని లిథియం సెల్ ఒక్కొక్కటి సుమారు 45 గ్రాములు ఉంటుంది, అందులో మంచి రకంలోనూ 3500 ఎంఏహెచ్ వరకే పడుతుంది. అంటే 20000 నిజం కావాలంటే కనీసం ఆరు సెల్‌లు కావాలి; సెల్‌ల బరువే సుమారు 270 గ్రాములు ఉండాలి, దానికి పైతొడుగు, లోపలి బోర్డు అదనం. పెట్టెపై రాసిన అంకె నిజమైనదే అయినా ఫోనుకు అంతా చేరదని కూడా తెలుసుకోవాలి. ఆ అంకె సెల్ వద్ద ఉండే 3.7 వోల్టుల లెక్క. 5 వోల్టులకు మార్చేసరికి 20000 కాస్తా 14800 అవుతుంది, వేడి రూపంలో మరికొంత పోతుంది. నిజాయతీ గల తయారీదారులు ఈ తక్కువ అంకెను కూడా ‘రేటెడ్ కెపాసిటీ’ పేరుతో చిన్న అక్షరాలతో అచ్చు వేస్తారు. అది లేని పవర్ బ్యాంకును నేను ఇక ముట్టను.

మన దేశంలో అమ్మే పవర్ బ్యాంకుకు వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వద్ద నమోదు తప్పనిసరి. దానిపై ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే తయారీదారు పేరు కనిపిస్తుంది. మా దానిపై బీఐఎస్ గుర్తు మాత్రం ఉంది, సంఖ్య లేదు. కిట్‌తో వచ్చిన మూడు కొసల కేబులు గురించి ఎక్కువ చెప్పను: ఏ ఫోనుకు పెట్టినా నత్తనడకే. టైప్-సి కేబులు ఒకటి, పాత ఐఫోన్ల కోసం లైట్నింగ్ కేబులు ఒకటి, మంచి అడాప్టరు ఒకటి విడిగా కొనుక్కోవడమే మేలు.

ఇక మందులు. అన్నింటికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఇక్కడే. ఒక చిన్న జిప్ సంచిలో కత్తిరించిన స్ట్రిప్ ముక్కలు వేసి, పైన పెన్నుతో ‘తలనొప్పి’, ‘ఒళ్లునొప్పులు’, ‘గ్యాస్’ అని రాశారు. స్ట్రిప్‌పై బ్యాచి సంఖ్య, గడువు తేదీ సాధారణంగా ఒక కొసనే ఉంటాయి కనుక ఈ ముక్కలలో దేనిపైనా గడువు లేదు. రెండింటిపై మందు పేరు కూడా పూర్తిగా లేదు. పెళ్లి రోజున మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి వస్తే, ఎవరో ‘ఒళ్లునొప్పులు’ అని రాసి ఉన్న మాత్ర తీసి చేతిలో పెట్టబోయారు. ఆమె గుండె జబ్బుకు రక్తం పలుచబడే మందు వాడుతోంది. డైక్లోఫినాక్, ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు ఆ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. నర్సుగా పనిచేసే మా వదిన అక్కడే ఉండి, “అది ఏం మాత్రో చెప్పండి, అప్పుడు వేద్దాం” అని అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. ఆ సంచి అక్కడితో చెత్తబుట్టకు పోయింది.

మందులు అమ్మడానికి లైసెన్సు కావాలి. బహుమతి వస్తువుల అమ్మకందారు కిట్‌లో మాత్రలు పెట్టి పంపుతున్నాడంటేనే అనుమానించాలి. డైక్లోఫినాక్ వంటివి డాక్టరు చీటీపైనే ఇవ్వవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలోవి. మన డబ్బాలో ఉంచవలసినవి కొద్దిగానే ఉంటాయి, అవి కూడా మెడికల్ షాపు నుంచి బిల్లుతో, కత్తిరించని స్ట్రిప్‌లుగా తీసుకోవాలి: పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు, బ్యాండేజీలు, దూది, గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్, ఓఆర్ఎస్, గ్లూకోజు పొడి. పారాసిటమాల్ అయినా వేసిన వేళ స్ట్రిప్‌కు కట్టిన కాగితంపై రాయాలి. ఎందుకంటే ఒకే మనిషికి అత్త ఒకటి, బావ ఒకటి ఇవ్వడం పెళ్లింట్లో మామూలే, పైగా చాలా జలుబు మాత్రలలో కూడా అదే మందు ఉంటుంది. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక పెద్దల మాత్రను విరిచి ఇవ్వకూడదు. ఎవరికి వారు రోజూ వాడే బీపీ, షుగరు మందులు వారి వద్దే ఉండాలి; వాటిని ఈ డబ్బాలో కలపకూడదు.

ఓఆర్ఎస్ విషయంలోనూ మోసం ఉంది. మా కిట్‌లో ఓఆర్ఎస్‌ను పోలిన పేరుతో వచ్చింది నారింజ రుచిగల చక్కెర పొడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాలపై ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అసలైన పెద్ద ప్యాకెట్టులో పొడి సుమారు 20.5 గ్రాములు, దానిని మొత్తంగా ఒక లీటరు నీటిలోనే కలపాలి. హాలులో హడావుడిగా ఒక గ్లాసు నీటిలో మొత్తం పొడి కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై, మేలు జరగకపోగా కీడు జరుగుతుంది. అందుకే 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు దొరికితే అవే కొనండి, లేదా ఒక లీటరు నీళ్ల సీసాను ప్యాకెట్టుతో కలిపి ఒకే సంచిలో పెట్టండి.

గ్లూకోజు పొడి ఉపవాసం ఉన్న పెళ్లికూతురి కోసం మాత్రమే కాదు. ఇన్సులిన్ వేసుకుని భోజనం ఆలస్యమైన పెద్దవారికి చెమటలు పట్టి, చేతులు వణికితే 15 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు మూడు చెంచాలు, నీటిలో కలిపి ఇచ్చి పావుగంట తరువాత మళ్లీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి.

టేపు గురించి క్లుప్తంగా చెబుతాను. కిట్‌లో ఉన్నది బొటనవేలంత సెల్లో టేపు చుట్ట ఒక్కటే. నడిచే దారిలో పరిచిన సౌండు వైర్లపై వేయడానికి గుడ్డ టేపు కావాలి. పార్సిళ్లకు వాడే గోధుమరంగు టేపు పాలరాయిపై జిగురు వదిలితే హాలు వారు అడ్వాన్సులో కోత పెడతారు. పమిటకు, జాకెట్టు మెడకు బట్టల కోసమే తయారైన రెండువైపుల టేపు వాడాలి, అది కూడా ముందు అంచు లోపలివైపు అంటించి చూశాకే. తొడుగు చిరిగిన కరెంటు వైరుకు మాత్రం ఏ టేపూ మనం వేయకూడదు, హాలు ఎలక్ట్రీషియనును పిలవాలి.

డబ్బాను ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఉంచకండి. మాత్రలకు గానీ లిథియం సెల్‌లకు గానీ ఆ వేడి పనికిరాదు. దానిని పీటల దగ్గర పని లేని ఒకరికి అప్పగించి, ఆ మనిషి ఎవరో రెండు వైపుల వారికీ ముందే చెప్పాలి.

ఇప్పటికే ఇలాంటి కిట్‌కు ఆర్డరు పెట్టినవారు, వాపసు గడువు ముగియక ముందే వీడియో తీస్తూ పెట్టె విప్పి, పవర్ బ్యాంకును తూచి, మందులకు గడువు తేదీ ఉందో లేదో చూడండి. అమ్మకందారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. మా విషయంలో మొదట ‘పరిశుభ్రత వస్తువులు వాపసు తీసుకోము’ అన్నారు; తూకం ఫోటో, గడువు లేని మాత్రల ఫోటో పంపాక మొత్తం డబ్బు తిరిగి ఇచ్చారు. అయితే అదే గులాబీరంగు డబ్బా, అవే ఫోటోలతో, ఇప్పుడు వేరే అమ్మకందారు పేరు మీద ‘101 వస్తువులు’ అంటూ కనిపిస్తోంది. తయారీదారు చిరునామా గానీ పవర్ బ్యాంకు బరువు గానీ అందులోనూ రాయలేదు.