లంగా ఓణీ: రెడీమేడ్ సెట్టా, చీర కొని కుట్టించాలా?

పోయిన నెల మా చిన్నదానికి ఓణీలు వేశాం. ఫొటోలు గ్రూపులో పెట్టిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "సెట్ కొన్నారా, చీర కొని కుట్టించారా?" పన్నెండేళ్ళ పిల్లలున్న ఇళ్ళన్నిట్లో ఇప్పుడు ఇదే టెన్షన్ అనుకుంటా. చీరే కొన్నాం. మేనమామ పెట్టే బట్టలు కాబట్టి డబ్బులు మా తమ్ముడివి, ఎంపిక మాత్రం నాది. మూడేళ్ళ కిందట పెద్దదానికి రెడీమేడ్ సెట్ కొని దెబ్బతిన్నాను, అందుకే ఈ సారి పట్టుబట్టాను.

ముందు రెడీమేడ్ గురించి మంచే చెబుతాను. గంటలో పని అయిపోతుంది. లంగా, మగ్గం వర్క్ జాకెట్టు, నెట్ ఓణీ మూడూ రంగులు కలిపి ఉంటాయి, వెతుక్కోనక్కర్లేదు. లంగా కలీలుగా, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలుగా కత్తిరించి కుడతారు కాబట్టి నడుము దగ్గర పల్చగా ఉండి, కిందికి వచ్చేసరికి విచ్చుకుంటుంది. లోపల క్యాన్‌క్యాన్ ఉంటే ఫొటోల్లో ఇంకా బాగుంటుంది. సంగీత్‌లో డాన్స్ చేయాల్సిన పిల్లకైతే నేనూ అదే కొంటాను.

చిక్కు ఎక్కడంటే, పెద్దదాని లంగా ఓణీల రోజున నేలను తాకుతూ ఉండేది. ఏడాది తిరిగి సంక్రాంతికి కట్టుకుంటే పట్టీలు దాటి పైకి వచ్చేసింది. టైలర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన అంచు తిప్పి చూపించాడు. లోపల అరంగుళం గుడ్డ ఉందంతే. కలీల లంగాలో అంచు గుండ్రంగా తిరుగుతుంది, వర్కు దాని మీదే ఉంటుంది, పొడిగించడానికి దారే లేదు. అప్పట్నుంచి అది బీరువాలోనే ఉంది. ఆడపిల్ల గబగబా పొడవు పెరిగే వయసూ ఓణీలు వేసే వయసూ ఒకటే. ఎక్కువ డబ్బు పెట్టి కొనే బట్ట, ఎక్కువ తొందరగా పొట్టయ్యేది అప్పుడే. నా మటుకు నాకు రంగు, వర్కు, ధర అన్నీ దీని తర్వాతే.

చీరతో కుట్టించే కుచ్చిళ్ళ లంగాలో ఈ ఇబ్బంది ఉండదు. చీర వెడల్పే లంగా పొడవు అవుతుంది, చీర అంచే లంగా అంచు అవుతుంది, అది ఎక్కడా వంపు తిరగదు. మా చిన్నదాని లెక్క చెబుతాను. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, నడుము నుంచి పాదాల దాకా 37 అంగుళాలు. కొన్న చీర వెడల్పు 46. అంటే 9 అంగుళాలు మిగులు. అందులో 3 నడుము పట్టీలోకి పోయాయి. మిగతా 6 అంగుళాలకు 3 అంగుళాల లోతు టక్కు ఒకటి లోపలికి వేయించాను. పిల్ల పెరిగేకొద్దీ అది కొంచెం కొంచెంగా విప్పుకోవచ్చు.

టక్కు ఎక్కడ వేయాలన్నది అసలు కిటుకు. అంతా నడుము దగ్గరే మడిచేస్తే కుచ్చిళ్ళు రెండింతల మందమై పిల్ల లావుగా కనిపిస్తుంది. జరీ అంచు మీద మడిస్తే మడత గీత దగ్గర జరీ నల్లబడి, విప్పినప్పుడు ఎత్తి చూపిస్తుంది. పెద్ద అంచు, చీర ఒంటి రంగు కలిసే చోటుకి సరిగ్గా పైన వేయించాలి. తర్వాత విప్పినా ఆ గీత అంచు తాలూకు గీతలో కలిసిపోతుంది. టక్కుకి పెద్ద పెద్ద కుట్లు వేయమని చెప్పాలి. చిన్న కుట్లయితే పట్టు మీద సూది చిల్లులు వరసగా మిగిలిపోతాయి. పెద్ద కుట్లకీ గుర్తులు పడతాయి, అబద్ధం ఎందుకు, కానీ ఇస్త్రీ చేశాక వెతికితే తప్ప కనిపించవు.

ఇక చుట్టూ ఎంత గుడ్డ? 5.5 మీటర్లూ కుచ్చిళ్ళు పెట్టించమని, పెళ్ళయ్యాక విప్పేసి చీరగా కట్టుకోవచ్చని మా అత్తయ్య సలహా. పల్చటి చీరైతే అదీ చేయొచ్చు. కంచిపట్టులో మాత్రం 24 అంగుళాల నడుముకి అంత గుడ్డ పెడితే నడుం చుట్టూ దిండు కట్టినట్టే. మూడున్నర మీటర్లతో సరిపెట్టాం. అదీ నడుముకి దాదాపు ఆరింతలు, బాగానే జాలువారింది. మిగిలిన రెండు మీటర్లలో పల్లూ కూడా ఉంది. దాంతో మా తమ్ముడి కూతురికి పట్టుపావడా అయింది. జాకెట్టు చీరతో వచ్చిన ముక్కలోనే వచ్చేసింది. మగ్గం వర్క్ మెడకీ చేతులకీ మాత్రమే వేయించి, పక్క కుట్ల దగ్గర ఒకటిన్నర అంగుళం చొప్పున లోపల వదిలించాను. వర్కు పక్కల దాకా వస్తే జాకెట్టు వదులు చేయడం కుదరదు.

ఏ చీర అన్నది మీ ఇష్టం. గంటల తరబడి కుర్చీలో కూర్చుని అక్షింతలు వేయించుకోవాలి కాబట్టి బరువు చూసుకోండి. ఉప్పాడ తేలిక. గద్వాలలో నూలు ఒళ్ళు, పట్టు అంచు ఉన్నవి దొరుకుతాయి, కుచ్చిళ్ళు చక్కగా నిలుస్తాయి. కంచిపట్టు నిండుగా ఉంటుంది, బరువూ అలాగే ఉంటుంది. ఏదైనా సరే, కొనేముందు చీర తిరగేసి చూడండి. వెనకవైపు బుటాల దారాలు వేలాడుతుంటే నూలు లైనింగ్ తప్పనిసరి, లేకపోతే పట్టీల మువ్వలు వాటికి చిక్కుకుంటాయి.

ఓణీ విడిగా కొనడమే మేలు. లంగా గుడ్డలోనే ఓణీ వేస్తే దూరానికి చీర కట్టినట్టుంటుంది, ఓణీ అందం వేరే రంగులోనే ఉంది. రెండున్నర నుంచి రెండు ముప్పావు మీటర్లు చాలు. నెట్ మగ్గం పూసలకి తగులుకుని చిరుగుతుంది. ఆర్గాంజా దోపిన చోట పొంగి నిలబడుతుంది. షిఫాన్ జారిపోతుంది, అలవాటు లేని పిల్ల రోజంతా భుజం సర్దుకుంటూనే ఉంటుంది. సన్న అంచున్న జార్జెట్ లేదా క్రేప్ ఒంటిని పట్టుకుని ఉంటుంది. వరంగల్‌లో ఉన్న మా చెల్లెలు బతుకమ్మకి పిల్లకి జార్జెట్టే వేస్తుంది. వంగి చప్పట్లు కొడుతూ గంటసేపు తిరగాలి కదా, ఒక్క పిన్నుతో ఆగేది అదే.

మీటర్ల లెక్కన మంగళగిరి నూలు తెచ్చి కుట్టించడం మూడో దారి. వరలక్ష్మీవ్రతానికి, గుడికి బాగుంటుంది, ఓణీల ఫంక్షన్‌కి పెద్దవాళ్ళు ఒప్పుకోరు. లంగా ఓణీలా కనిపించేలా నేసిన చీరలు కూడా వస్తున్నాయి. అవి చీరలే, వదిలేయండి.

రెడీమేడే కొనాలని నిశ్చయించుకుంటే, షాపులోనే లంగా తిరగేసి అంచు లోపల ఎంత గుడ్డ మడిచారో వేళ్ళతో తడిమి చూడండి. రెండంగుళాలు ఉంటే కొనండి. నేను ఈ మధ్య తిరిగిన నాలుగు షాపుల్లో ఒక్క దానిలో ఉంది.