డైరెక్టర్‌గా చేరమంటున్నారు: ఆర్టికల్స్‌లో క్లాజు చాలా, విడిగా డీడ్ రాయించుకోవాలా, పాలసీ మేలా?

ఈ మధ్య వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. రిటైరైన బ్యాంకు ఆఫీసర్లు, లెక్చరర్లు, బంధువుల కంపెనీలో పేరు ఇమ్మని అడిగితే కాదనలేకపోయినవాళ్లు. "సర్, ఏదైనా వస్తే కంపెనీయే చూసుకుంటుందని రాసిచ్చారు, సరిపోతుందా?" అని. పోయిన నెల నాకే ఆ పరిస్థితి వచ్చింది. తాడిపత్రి దగ్గర నల్లబండలు పాలిష్ చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వాళ్లు బోర్డులోకి రమ్మన్నారు. ఆఫీసు గదిలో బండల పొడి పట్టిన ఫైలు తెరిచి, వంద రూపాయల స్టాంపు పేపరు నా ముందు పెట్టారు. అందులో ఉన్నది ఒకే వాక్యం: కంపెనీ పనిలో డైరెక్టర్ చేసిన దేనికైనా, ఎలాంటి బాధ్యత వచ్చినా, మొత్తం కంపెనీయే భరిస్తుంది. వాళ్లు మంచి మనసుతోనే రాశారు. కానీ "దేనికైనా" అన్న ఆ ఒక్క మాటే కాగితాన్ని బలహీనం చేస్తుంది. ఎందుకో చెప్తాను.

1956 కంపెనీల చట్టంలో 201వ సెక్షన్ ఉండేది. నిర్లక్ష్యం, విధి తప్పడం, విశ్వాస భంగం లాంటి వాటికి డైరెక్టర్‌ను బాధ్యత నుంచి తప్పిస్తామన్నా, అతని తరఫున కంపెనీ కడుతుందన్నా, ఆ రాత చెల్లదని సూటిగా చెప్పింది. మినహాయింపు ప్రధానంగా ఒక్కటే: కేసులో గెలిచినా, నిర్దోషి అని తేలినా, కోర్టు క్షమించినా, ఆ కేసు నడిపిన ఖర్చు కంపెనీ ఇవ్వొచ్చు. 2013 చట్టంలో ఆ సెక్షన్ లేదు. దాంతో చాలామంది ఇప్పుడు ఏదైనా రాసుకోవచ్చనుకుంటున్నారు, అది పొరపాటు. కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ అలాగే ఉంది: మోసం కోసం చేసుకున్న ఒప్పందం గానీ, ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం గానీ చెల్లదు. నేరం చేయించి, దాని ఫలితం నేను భరిస్తానని మాట ఇచ్చినా ఆ మాట నిలవదని 224వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి నిజాయితీగా చేసిన పొరపాటుకు ఇప్పుడు కొంత చోటు దొరికింది కానీ, నిజాయితీ లేని పనికి మాత్రం తలుపు మూసే ఉంది.

దీన్ని ఒక ఊహాకేసులో పెట్టి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఇలాంటి బండల కంపెనీకే ముగ్గురు డైరెక్టర్లున్నారనుకోండి: ఎండీ, ఆయన బావమరిది, బయటినుంచి వచ్చిన ఒక మాస్టారు. ఎండీ కంపెనీ ఖాతాలోంచి 40 లక్షలు తీసి, సప్లయర్‌కి అడ్వాన్స్ అని రాయించి, తన పేరు మీద ప్లాట్ కొన్నాడు. మాస్టారు మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టాడు, పేజీ చదవలేదు. రెండేళ్ల తర్వాత బావమరిదికి విషయం తెలిసి, మిగతా వాటాదారులను కూడగట్టి కంపెనీ పేరు మీదే ఇద్దరిపైనా దావా వేయించాడు.

ఎండీ విషయం చూడండి. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్ అక్రమంగా ఎంత లాభం పొందితే అంత కంపెనీకి తిరిగి కట్టాలి, అంటే 40 లక్షలు. ఇప్పుడు ఆ స్టాంపు పేపరు చూపించి "బాధ్యతంతా కంపెనీదే అన్నారు కదా" అంటే, కంపెనీ ఎడమచేత్తో తీసుకున్న 40 లక్షలను కుడిచేత్తో ఆయనకే ఇచ్చేయాలన్నమాట. నష్టపోయిన కంపెనీయే దొంగకు బీమా కట్టినట్టు అవుతుంది, ఏ కోర్టూ ఒప్పుకోదు. ఇక మోసం కింద 447వ సెక్షన్ పెడితే, ఈ మొత్తం 10 లక్షల గీత దాటింది కాబట్టి ఆరు నెలల నుంచి పదేళ్ల జైలు, జరిమానా కనీసం మోసం జరిగినంత, అంటే 40 లక్షల నుంచి మూడింతలు, కోటీ 20 లక్షల దాకా ఉండొచ్చు. ఈ జరిమానా కంపెనీ కడుతుందని ఎవరు రాసిచ్చినా నమ్మొద్దు.

మాస్టారిది వేరే కథ. ఆయన పైసా తినలేదు, చదవకుండా సంతకం పెట్టడం నిర్లక్ష్యమే గానీ మోసం కాదు. ఆయనకు అసలు భయం 40 లక్షల గురించి కాదు, దావా నడిచే మూడేళ్లు లాయర్లకు కట్టాల్సిన, ఆరు లక్షలనుకుందాం, ఆ డబ్బు గురించి. అది ఎప్పుడు, ఎవరి జేబులోంచి వస్తుందన్నదే ఆయన్ను నిద్రపోనివ్వదు. మూడు దారులనూ నేను ఇక్కడి నుంచే కొలుస్తాను.

మొదటిది ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ సొంత నియమావళిలో, క్లాజు. చట్టంతో పాటు ఇచ్చిన నమూనా ఆర్టికల్స్, టేబుల్ ఎఫ్‌లో కూడా చివర్లో ఒక ఇండెమ్నిటీ క్లాజు, అంటే డైరెక్టర్ మీద పడ్డ భారం కంపెనీ భరిస్తుందన్న క్లాజు, ఉంది, అది పాత 201వ సెక్షన్ మినహాయింపు పోలికలోనే ఉంటుంది: గెలిస్తే, నిర్దోషిగా తేలితే, కోర్టు క్షమిస్తే ఖర్చు వస్తుంది. అంటే మాస్టారు మూడేళ్లు సొంత డబ్బు పెట్టి, చివర్లో అడుక్కోవాలి. అంతకంటే ఉదారంగా రాసుకోవచ్చు, కానీ ఇంకో చిక్కు ఉంది. ఆర్టికల్స్ కంపెనీకీ దాని సభ్యులకూ మధ్య ఒప్పందం. వాటా లేని డైరెక్టర్ ఆ కాగితం చూపి "నాకు ఇస్తామన్నారు" అని దావా వేయడం కష్టం. పైగా ప్రత్యేక తీర్మానంతో, అంటే పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులతో, దాన్ని మార్చేయొచ్చు. మన ఊహాకేసులో బావమరిది పక్షం బలపడితే ముందు పీకేది ఆ క్లాజే.

రెండోది విడిగా డీడ్. కంపెనీకీ ఈ డైరెక్టర్‌కీ మధ్య నేరుగా ఒప్పందం, కంపెనీ ఒక్కటే దాన్ని మార్చడానికి వీల్లేదు. నా ఓటు దీనికే, కానీ ఎలా రాశారన్న దాని మీద ఉంది. నా దృష్టిలో తేల్చేసేది ఒకే ప్రశ్న: ఈ డైరెక్టర్ నిజాయితీ తప్పాడని ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు?

"మోసం చేసిన డైరెక్టర్‌కి ఇది వర్తించదు" అని ఊరికే రాస్తే, దావా పడ్డ మర్నాడే కొత్త బోర్డు "మాస్టారు కూడా కుమ్మక్కే" అని తీర్మానం చేసి లాయర్ ఫీజు ఆపేస్తుంది. ఆరోపణ చేసినవాళ్లే తీర్పు ఇచ్చేస్తే, నిజాయితీపరుడికి రక్షణ సరిగ్గా అవసరమైన రోజునే పోతుంది. అందుకే రాయాల్సింది ఇలా: అప్పీళ్లు కూడా ముగిశాక కోర్టు లేదా ట్రిబ్యునల్ అంతిమ తీర్పులో నిజాయితీ తప్పాడని తేలేదాకా బిల్లు వచ్చిన కొద్దీ ఖర్చు ఇవ్వాలి, తేలిన రోజు తీసుకున్నదంతా వెనక్కి కట్టాలి. ఈ రెండో సగం కూడా అంతే ముఖ్యం. తిరిగి కడతానన్న హామీ లేకపోతే డీడ్ మొత్తం మోసానికి కాపలా కాసినట్టు కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: తిరిగి కట్టే షరతుతో ముందుగా ఇచ్చే డబ్బు డైరెక్టర్‌కి అప్పు అన్న వాదన రావచ్చు, 185వ సెక్షన్ డైరెక్టర్లకు అప్పులను కట్టడి చేస్తుంది. కొన్ని షరతులు తీరిస్తే ప్రైవేట్ కంపెనీలకు దాని నుంచి మినహాయింపు ఉంది, ఇందులోకి మరో కంపెనీ డబ్బు పెట్టి ఉండకూడదన్నది వాటిలో ఒకటి. డీడ్ రాసే ముందే అది చూసుకోవాలి.

విశ్వాస భంగం అన్న మాటను కూడా విడదీసి రాయించండి. బండల కంపెనీ డబ్బుతో ఎండీ ప్లాట్ కొనకుండా, అదే కుటుంబానికి చెందిన ఇంకో యూనిట్‌లో కూలీలకు జీతాలు ఇచ్చాడనుకోండి. కంపెనీ సొమ్మును దారి మళ్లించాడు కాబట్టి అదీ విశ్వాస భంగమే, కానీ సొంతానికి తినలేదు, దాచలేదు. పాత చట్టం రెండింటినీ ఒకే గాటన కట్టేది. ఇప్పుడు బయటివాళ్ల క్లెయిమ్ అయితే రెండో రకానికి కంపెనీ అండగా నిలవడాన్ని సమర్థించుకోవచ్చు. దావా వేసింది కంపెనీయే అయితే మాత్రం అప్పుడు ఇండెమ్నిటీ అంటే తనకు రావాల్సిన డబ్బు తనే వదులుకోవడం, అందుకే నష్టం సొమ్ము వరకు నేను ఒప్పుకోను, వాదించుకునే ఖర్చు వరకే. నిజాయితీగా, సబబుగా నడుచుకున్నాడనిపిస్తే బాధ్యత నుంచి తప్పించే అధికారం 463వ సెక్షన్ కింద కోర్టుకే ఉంది, ఆ పని కోర్టుకే వదలడం మంచిది.

మూడోది డైరెక్టర్స్ అండ్ ఆఫీసర్స్ పాలసీ, అందరూ డీ అండ్ ఓ అంటారు. చట్టం దీన్ని కాదనలేదు. ఎండీ, సీఎఫ్‌ఓ లాంటివాళ్ల కోసం కంపెనీ కట్టే ప్రీమియం జీతంలో లెక్కకు రాదనీ, దోషి అని రుజువైతే మాత్రం వస్తుందనీ 197(13) చెబుతుంది. కంపెనీ దివాలా తీస్తే డీడ్ పట్టుకుని అప్పులవాళ్ల వరసలో నిలబడాలి, పాలసీ అయితే బీమా కంపెనీ ఇస్తుంది. అది పెద్ద బలం. నిజాయితీ లేని పనికి మినహాయింపు ప్రతి పాలసీలో ఉంటుంది, అక్కడా అదే ప్రశ్న: అంతిమ తీర్పు వచ్చాకే అని రాశారా, లేక "నిజంగా జరిగి ఉంటే" అని వదిలేశారా? కొన్నిట్లో రాతపూర్వక ఒప్పుకోలు కూడా చాలు అని ఉంటుంది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం లాంటిదన్నమాట. మిగతా బోర్డు సభ్యులకు తెలియదని ఆ ఉత్తరంలోనే ఉంది. అలాంటప్పుడు ఒకరి ఒప్పుకోలు మిగతావాళ్లకు అంటకుండా పాలసీలో విడిగా రాసి ఉండాలి.

అయితే మన ప్రాంతపు కుటుంబ కంపెనీల్లో పాలసీకి ఒక పెద్ద రంధ్రం ఉంది. కంపెనీయే తన డైరెక్టర్ మీద వేసే దావాను చాలా పాలసీలు మినహాయిస్తాయి. మన మాస్టారి మీద పడింది సరిగ్గా అలాంటిదే. ఇక్కడ గొడవలు బయటినుంచి రావడం తక్కువ, అన్నదమ్ముల మధ్య, బావా బావమరదుల మధ్య వస్తాయి. అందుకే లిస్టెడ్ కంపెనీ అయితే పాలసీ ముందు అంటాను (మార్కెట్ విలువలో టాప్ 1000 కంపెనీల్లో స్వతంత్ర డైరెక్టర్లకు అది 2022 జనవరి నుంచి తప్పనిసరి కూడా), తాడిపత్రిలోనో కర్నూలులోనో ఉన్న ప్రైవేట్ కంపెనీకైతే డీడ్ ముందు, బ్యాంకు అప్పు పెద్దదైతే పాలసీ దానికి తోడు.

ఎండీ సొంతంగా రాసిచ్చే ప్రామిసరీ నోటు, గొడవ వచ్చాక తీర్మానం చేస్తామన్న మాట, వీటి మీద సమయం పెట్టకండి. గొడవే ఆయనతో అయితే ఆ కాగితం ఎందుకు?

నేను ఆ స్టాంపు పేపరు వెనక్కి ఇచ్చి, రెండు పేజీల డీడ్ రాయించాను. "దేనికైనా" తీసేసి, అంతిమ తీర్పు షరతు, తిరిగి కట్టే హామీ, నేను డైరెక్టర్‌గా మానేసినా నా కాలంలోని పనులకు వర్తిస్తుందన్న వాక్యం, ఎప్పుడైనా మినిట్స్ కాపీ తీసుకునే హక్కు చేర్చాం. తిరిగి కట్టే హామీ చదివి ఎండీ అన్నాడు, "సర్, ఇది మీకే కదా నష్టం?" నేను తప్పు చేస్తే నష్టమే అన్నాను. ఆ సాయంత్రమే మినిట్స్ పుస్తకం తెప్పించుకుని గత ఏడాది పేజీలు చదవడం మొదలుపెట్టాను, ఇంకా మార్చి దగ్గరే ఉన్నాను.