చెప్పి చూడటం, చాటుగా చూడటం

ఒంటరిగా ఉంటున్న తల్లి పడిపోతుందేమోనని కొడుకు హాల్లో కెమెరా పెట్టాలనుకున్నాడు అనుకుందాం. ఆమెకు చెప్పి పెట్టవచ్చు, చెప్పకుండా అలమరలో దాచిపెట్టనూ వచ్చు. ఎలా పెట్టినా కనిపించేది అదే గది, వెనక ఉన్నది అదే ప్రేమ.

ఆమెకు తెలియనే తెలియనప్పుడు చాటు కెమెరాతో నష్టమేమిటని చాలామంది అడుగుతారు. తత్వవేత్త స్టాన్లీ బెన్ 1971లో దీనికి గట్టి జవాబే ఇచ్చాడు: చాటుగా గమనించడమంటే ఆ మనిషిని తన చుట్టూ ఉన్న లోకం విషయంలోనే మోసగించడం. ఆ తల్లి ఫోనులో స్నేహితురాలికి కోడలి మీద కోపమంతా చెప్పుకుంటుంది, భర్త ఫొటో ముందు కూర్చుని ఏడుస్తుంది. ఎవరూ చూడటం లేదన్న నమ్మకంతోనే ఇవన్నీ చేస్తోంది. ఎవరి ముందు ఏడవాలో తేల్చుకోవలసింది ఆమె. కొడుకు ఆ అవకాశాన్ని లాగేసుకున్నాడు. ఆమెకు జీవితాంతం తెలియకపోయినా ఆ అవమానం అవమానమే.

చెప్పి పెట్టిన కెమెరాలో ఈ మోసం లేదు. కావాలంటే ఆమె ఫోను పట్టుకుని పక్క గదిలోకి వెళ్లగలదు. కానీ చెప్పినంత మాత్రాన సరిపోదు. “పెట్టేశానమ్మా” అనడం వేరు, “పెట్టమంటావా?” అని అడిగి, వద్దంటే ఆగిపోవడం వేరు. కెమెరా వచ్చాక ఆమె హాల్లో కూర్చోవడమే మానేసినా, గొంతు తగ్గించి మాట్లాడుతున్నా, ఒప్పుకున్నది మనసారా కాదని గ్రహించాలి. అప్పుడు కెమెరా తీసేసి, పడిపోతే ఆమే నొక్కి పిలవగలిగే మీటను మెడలో వేసుకోమనడం మేలు. స్పృహ తప్పితే అది పనిచేయదు, నిజమే. ఆ ప్రమాదాన్ని ఆమెతోనే మాట్లాడాలి.