ఎడిటింగ్ ప్యాకేజీ కొనేవాళ్లకు హెచ్చరిక: పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వకండి. మా ఛానల్ అలాగే పోయింది

యూట్యూబ్ ఛానల్ కోసం వీడియో ఎడిటింగ్, థంబ్‌నెయిల్స్, అప్‌లోడింగ్ అన్నీ కలిపి నెలవారీ ప్యాకేజీ కొనాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మాది గుంటూరు. ఇంట్లో పెట్టే పచ్చళ్ల మీద మా అత్తగారు, నేను కలిసి 5 ఏళ్లుగా ఛానల్ నడుపుతున్నాం. 84 వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. నెలకు 8 వీడియోలు చేసిపెట్టే సర్వీసు ఒకటి 6,000 రూపాయలకు తీసుకున్నాం. నాలుగో నెలలో ఛానల్ మా చేతుల్లోంచి పోయింది. ఆ సర్వీసు పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కంటే వాళ్లు పని చేసే పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే ఇలా చాలామంది చేస్తున్నారు.

మొదటి రోజే వాళ్లు ఛానల్ జీమెయిల్, పాస్‌వర్డ్ అడిగారు. "అప్‌లోడ్ మేమే చేయాలి కదా మేడమ్, అందరూ ఇస్తారు" అన్నారు. నేను టూ స్టెప్ వెరిఫికేషన్ ఎప్పుడో పెట్టుకున్నాను, అందుకే ధైర్యంగా ఇచ్చాను. నా ఫోన్‌కు వచ్చిన కోడ్ కూడా ఫోన్‌లో చదివి చెప్పాను. ఆ సర్వీసు అబ్బాయి "ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దు" అన్న గడికి టిక్ పెట్టుకున్నాడు, పాస్‌వర్డ్‌ను బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్నాడు. ఆ రోజు నుంచి మా ఖాతా ఎంత భద్రంగా ఉంటుందనేది ఆ ఒక్క కంప్యూటర్ మీదే ఆధారపడింది. అందులో ఏమేం డౌన్‌లోడ్ చేస్తున్నారో, ఎంతమంది కూర్చుంటున్నారో నాకు తెలియదు. అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఛానల్ మెయిల్‌కు ఒక స్పాన్సర్‌షిప్ ఆఫర్ వచ్చింది. వంటింటి సామాను కంపెనీ అట, ఒక్క వీడియోకు 40 వేలు ఇస్తారట. మా ఛానల్ పేరు, ఈమధ్య పెట్టిన గోంగూర వీడియో పేరు కూడా రాసి పంపారు కాబట్టి నిజంలాగే ఉంది. ఒప్పందం కాగితాలు అని ఒక లింకు, ఆ ఫైల్ తెరవడానికి పాస్‌వర్డ్ కూడా మెయిల్‌లోనే ఇచ్చారు. మాకు చెబితే సంతోషిస్తామనుకుని ఆ అబ్బాయి దాన్ని డౌన్‌లోడ్ చేశాడు. తర్వాత నేను గట్టిగా అడిగితే "తెరిచాను మేడమ్, కానీ ఏమీ రాలేదు, ఖాళీ ఫైల్ అనుకుని వదిలేశాను" అన్నాడు.

అది ఖాళీ ఫైల్ కాదు. ఫైల్ పేరు చివర `.pdf.scr` అని ఉంది. విండోస్ మామూలుగా చివరి భాగాన్ని దాచిపెడుతుంది కాబట్టి అతనికి పీడీఎఫ్ లాగే కనిపించింది. కానీ `.scr` అంటే `.exe` లాగే నడిచే ప్రోగ్రామ్. ఇంకో రెండు గుర్తులు కూడా అందులోనే ఉన్నాయి. నాలుగు పేజీల ఒప్పందం 700 ఎంబీ ఎందుకు ఉంటుంది? వైరస్ స్కానర్లు చాలావరకు అంత పెద్ద ఫైళ్లను పరీక్షించవు కాబట్టి కావాలనే ఉత్త డేటా నింపి బరువు పెంచుతారు. ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టేది కూడా స్కానర్లు లోపలికి తొంగి చూడకుండా ఉండడానికే. నిజమైన కంపెనీ ఒప్పందాన్ని మామూలు పీడీఎఫ్‌గా పంపుతుంది. తెరిచిన ఫైల్‌లో ఏమీ కనిపించకపోతే దాని పని అయిపోయిందని అర్థం. వెంటనే నెట్ తీసేయాలి.

టూ స్టెప్ ఉండగా ఎలా పోయిందని అందరూ నన్ను అడిగారు, నాకూ మొదట అర్థం కాలేదు. ఎగ్జిబిషన్‌కు వెళ్తే గేటు దగ్గర టికెట్ చూసి చేతి మీద ముద్ర వేస్తారు చూడండి, బయటికి వెళ్లి మళ్లీ వస్తే ముద్ర చూసి పంపేస్తారు, టికెట్ అడగరు. బ్రౌజర్ కూడా అంతే. పాస్‌వర్డ్, కోడ్ ఇచ్చి లోపలికి వెళ్లాక గూగుల్ ఒక ముద్ర లాంటిది బ్రౌజర్‌లో దాచిపెడుతుంది, దాన్నే సెషన్ కుకీ అంటారు. ఆ ప్రోగ్రామ్ ఆ కుకీని, దాంతోపాటు సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను కాపీ చేసి దొంగలకు పంపింది. వాళ్లు వేరే దేశంలో కూర్చుని ఆ ముద్రతో నేరుగా లోపలికి వచ్చేశారు. గేటు దగ్గర నా ఫోన్‌కు కోడ్ రావాల్సిన సందర్భమే రాలేదు.

ఇది కొత్త పద్ధతి కాదు. యూట్యూబర్ల మీద 2019 చివరి నుంచి ఇలాంటి దాడులు జరుగుతున్నాయని గూగుల్ భద్రతా బృందం 2021 అక్టోబర్‌లోనే వివరంగా రాసింది. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద టెక్నాలజీ ఛానల్ కూడా ఇలాగే పోయింది, అక్కడా ఒక ఉద్యోగి స్పాన్సర్ పంపిన ఫైలే తెరిచారు. రోజూ కంప్యూటర్లతోనే పని చేసేవాళ్లకే అలా జరిగింది.

శనివారం ఉదయం 5:40కి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, మీ ఛానల్లో ఎవరో ఇంగ్లీషాయన కాయిన్లు రెట్టింపు చేస్తానని లైవ్‌లో మాట్లాడుతున్నాడు" అంది. చూస్తే పేరు, ఫొటో మారిపోయాయి, మా వీడియోలన్నీ ప్రైవేట్‌లోకి వెళ్లిపోయాయి. 2024 సెప్టెంబర్‌లో మన సుప్రీంకోర్టు ఛానల్లో కూడా ఇలాగే ఒక క్రిప్టో కరెన్సీ ప్రచారం కనిపించింది, గుర్తుండే ఉంటుంది. దొంగలకు కావాల్సింది మన వీడియోలు కాదు, మన సబ్‌స్క్రైబర్ల కళ్లు. మధ్యాహ్నానికి యూట్యూబ్ నిబంధనల ఉల్లంఘన కింద ఛానల్‌నే తీసేసింది. మా అత్తగారు ఆ రోజు అన్నం ముట్టలేదు.

తిరిగి తెచ్చుకోవడంలో నేను చేసిన తప్పులు చెబుతాను, మీకు సమయం కలిసొస్తుంది. పాస్‌వర్డ్ మార్చేశారు, రికవరీ నంబర్ కూడా మార్చేశారు. టెన్షన్‌లో నేను మావారి ఆఫీసు లాప్‌టాప్ నుంచి నాలుగైదు సార్లు ప్రయత్నించాను, ప్రతిసారీ ఇది మీ ఖాతాయేనని నిర్ధారించలేకపోతున్నామని వచ్చింది. ఎప్పుడూ లాగిన్ అయ్యే ఫోన్ నుంచి, ఇంటి వైఫై మీద ప్రయత్నించాలని అప్పటికి తెలియదు. పరికరం, చోటు రెండూ గూగుల్‌కు తెలిసినవైతే నమ్మే అవకాశం ఎక్కువ. వెళ్లాల్సిన చోటు `g.co/recover`.

ఇంకొకటి. దొంగలు రికవరీ నంబర్ లేదా మెయిల్ మార్చినా, 7 రోజుల వరకు పాతదానికి కోడ్ పంపే వీలు గూగుల్ ఇవ్వొచ్చు. అందుకే ఆ మొదటి వారం బంగారం లాంటిది. నా పాత రికవరీ నంబర్ మాత్రం రీచార్జ్ చేయక ఎప్పుడో ఆగిపోయిన సిమ్‌ది. ఛానల్ పెట్టినప్పుడు ఇచ్చిన నంబర్ అది, మార్చాలని తోచనేలేదు. అదృష్టం కొద్దీ రికవరీ మెయిల్‌గా మా తమ్ముడిది ఇచ్చి ఉన్నాను. సోమవారం రాత్రి కోడ్ వాడికి వచ్చింది, దాంతో ఖాతాలోకి వెళ్లగలిగాను. మీ రికవరీ నంబర్ ఏదో ఈరోజే చూసుకోండి. అలాగే గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి, ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయినా లోపలికి వెళ్లే దారి అది.

లోపలికి వెళ్లగానే పని అయిపోయిందనుకోకండి. నేను పాస్‌వర్డ్ మార్చి ఊపిరి పీల్చుకున్నాను, తర్వాత చూస్తే యూట్యూబ్ స్టూడియోలో తెలియని మెయిల్ ఒకటి Manager గా ఉంది. జీమెయిల్లో ఒక ఫిల్టర్ కూడా పెట్టారు. గూగుల్ నుంచి వచ్చే హెచ్చరికలన్నీ నేరుగా చెత్తబుట్టలోకి వెళ్లేలా చేశారు. అందుకే నాకు ఒక్క అలర్ట్ కూడా కనిపించలేదు. ఆ రెండూ తీసేశాకే యూట్యూబ్ సపోర్ట్‌కు ఛానల్ హ్యాక్ అయిందని రాశాను. మానిటైజేషన్ ఉంది కాబట్టి చాట్‌లో మనిషి దొరికారు. మొత్తం 9 రోజులకు ఛానల్ తిరిగి వచ్చింది. వీడియోలన్నీ ఒక్కొక్కటిగా పబ్లిక్ చేసుకున్నాం.

ఈ మధ్యలో సాయం కోసం ఒక గ్రూప్‌లో రాస్తే, గంటలో ముగ్గురు "ఎథికల్ హ్యాకర్లు" మెసేజ్ చేశారు. 8,000 ఇస్తే రెండు గంటల్లో తెచ్చిస్తామన్నారు. ముందు నా ఫోన్‌కు వచ్చే కోడ్ చెప్పమన్నారు. వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. మీ ఖాతాను తిరిగి ఇవ్వగలిగేది గూగుల్ ఒక్కటే, అదీ ఉచితంగానే. ఎవరికైనా డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

యూట్యూబ్ పేరుతో వచ్చే మెసేజ్‌ల విషయంలో కూడా జాగ్రత్త. పంపినవారి చిరునామా ఒక్కటే చూసి నమ్మకండి. 2023లో వీడియో షేర్ చేసే సదుపాయాన్నే వాడుకుని, అసలైన `no-reply@youtube.com` నుంచే దొంగ మెయిళ్లు వచ్చేలా చేశారు. 2025లో యూట్యూబ్ సీఈఓ నీల్ మోహన్ మాట్లాడుతున్నట్టు నకిలీ వీడియో తయారుచేసి, ప్రైవేట్ వీడియోగా పంపారు. ప్రైవేట్ వీడియో ద్వారా తాము ఎవరినీ సంప్రదించబోమని యూట్యూబ్ చెప్పింది. ఏ మెయిల్ వచ్చినా అందులోని లింకు నొక్కకుండా, స్టూడియో యాప్ మీరే తెరిచి అక్కడ అదే హెచ్చరిక ఉందో లేదో చూడండి. టూ స్టెప్‌లో పాస్‌కీ, అంటే ఫోన్ వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి, పెట్టుకుంటే నకిలీ లాగిన్ పేజీల బెడద తప్పుతుంది, ఎందుకంటే అది అసలు గూగుల్ సైట్‌లో తప్ప పనిచేయదు. కానీ మా విషయంలో జరిగినట్టు లోపలున్న కుకీనే ఎత్తుకుపోతే పాస్‌కీ కూడా కాపాడలేదు.

మరి ఎడిటర్‌కు అప్‌లోడ్ చేసే వీలు ఎలా ఇవ్వాలి? పాస్‌వర్డ్ అవసరమే లేదు. కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిచి Settings లో Permissions కు వెళ్లి Invite నొక్కి, అతని సొంత మెయిల్ ఇవ్వండి. Editor అని ఎంచుకుంటే వీడియోలు పెట్టగలడు, మార్చగలడు, కానీ ఛానల్‌ను డిలీట్ చేయలేడు, ఇంకొకరిని చేర్చలేడు. Editor (Limited) ఎంచుకుంటే మీ ఆదాయం కూడా కనిపించదు. అతని కంప్యూటర్‌కు ఏదైనా అయితే అక్కడ దొంగలు పిచ్చి వీడియో పెట్టే ప్రమాదం ఇంకా ఉంటుంది, కానీ మీ జీమెయిల్, రికవరీ నంబర్ వాళ్ల చేతికి పోవు. అతన్ని ఒక్క క్లిక్‌తో తీసేయొచ్చు. ఆ సర్వీసువాళ్లను ఇలా ఎందుకు అడగలేదని నిలదీస్తే, "మీ ఖాతాకే సెక్యూరిటీ లేదు" అన్నారు. మిగిలిన నెల డబ్బు ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడున్న ఎడిటర్ మాత్రం మొదటి ఫోన్‌లోనే "మీ పాస్‌వర్డ్ నాకొద్దు మేడమ్, ఇన్వైట్ పంపండి" అన్నాడు.

ఇప్పటికే ఎవరికైనా పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, రేపటిదాకా ఆగకండి. `myaccount.google.com/security` లో Your devices తెరవండి. మీది కాని ప్రతి కంప్యూటర్‌నూ సైన్ అవుట్ చేయండి, తర్వాత పాస్‌వర్డ్ మార్చండి, ఆ తర్వాతే ఎడిటర్‌కు ఇన్వైట్ పంపండి.